ఆయుధ పూజ శుభాకాంక్షల్లో ఆర్డర్ల మాట ఎలా కలపాలి?

మాది బాలానగర్‌లో లేత్ జాబ్‌వర్క్ చేసే చిన్న వర్క్‌షాప్. మహర్నవమి పొద్దున మెషిన్లు ఆపి, ఆయిల్, చిప్స్ తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, డెలివరీ ఆటోకి గుమ్మడికాయ కొట్టాక కస్టమర్లకు వాట్సాప్‌లో శుభాకాంక్షలు పంపుతాం.

పోయినేడు అమ్మవారి ఫొటో కింద పనుల లిస్టు, ఫోన్ నంబరు పెట్టాం. ఒక పాత కస్టమరు "పండగ పూట కూడా కొటేషనేనా?" అన్నారు. అంతకుముందు ఏడు ఉత్త శుభాకాంక్షలే పంపితే, బదులుగా దండం బొమ్మలు వచ్చాయి, అంతే. "మీ సేవలో ఎల్లప్పుడూ" అని కూడా రాసి చూశాను గానీ, అది ప్రతి కొట్టు క్యాలెండర్ మీదా ఉండేదే.

ఈసారి చెప్పడానికి నిజంగానే ఓ కబురుంది. షాఫ్టులకు కీవేలు ఇప్పటిదాకా బయట కోయించేవాళ్లం. ఇప్పుడు సొంత మిల్లింగ్ మెషిన్ వచ్చింది. అందుకే ఇలా రాశాను:

"ఏడాదంతా మీరిచ్చిన పనులతో తిరిగిన మా లేత్‌లకు ఈ రోజు విశ్రాంతి, పూజ. మీ మెషిన్ల మీద, బండ్ల మీద, ఇంటిల్లిపాది మీద దుర్గమ్మ చల్లని చూపు ఉండాలి. దసరా శుభాకాంక్షలు. ఈ పూజలో మా కొత్త మిల్లింగ్ మెషిన్‌కూ బొట్టు పెట్టాం. పండగయ్యాక షాఫ్ట్, కీవే రెండూ మా దగ్గరే."

చివరి సగం వాక్యమే నాకు తేలడం లేదు. తీసేస్తే ఆ మెషిన్ ఎందుకో పర్చేజ్ వాళ్లకు తట్టదు, ఉంచితే మళ్లీ ప్రకటనలా ఉంది. పండగ కళ చెడకుండా, పని అడగాలనిపించేలా ఆ ముక్కను మీరైతే ఎలా రాస్తారు?