రిలీజ్ నోట్సులో అన్నిటికీ 'మార్చాం' అని రాస్తే చాలదా?

భీమవరం కుర్రాడు (అడిగింది)
రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే ఒక యాప్‌కి తెలుగు రిలీజ్ నోట్సు నేనే రాస్తాను. ఇంగ్లీషులో ఆల్టర్, మోడిఫై, కన్వర్ట్, రివైజ్ అని రకరకాలుగా ఉంటాయి. నేను అన్నిటికీ 'మార్చాం' అని రాసేస్తున్నాను. మా లీడ్ ఒప్పుకోవట్లేదు. రైతు చదివేదానికి ఇంత తేడా అవసరమా?

కాలువగట్టు
తేడా ఉంది బ్రో, కానీ సింపుల్. ఎంత మారిందన్నదే లెక్క. టైలర్ దగ్గర ప్యాంటు నడుం బిగిస్తే ఆల్టరేషన్, అంటే కొంచెం. బండికి సైలెన్సర్ తీసి వేరేది పెడితే మోడిఫై, అంటే ఇంకొంచెం. పెట్రోలు కారుకి గ్యాస్ కిట్ పెడితే కన్వర్ట్, అంటే మొత్తం మారినట్టు. ఈ మాటలు అందరికీ తెలిసినవే, తెలుగు లిపిలో అవే పెట్టేయ్.

ఉండి రైతు
కన్వర్షన్ సంగతి నన్నడగండి. చేను చెరువుగా మార్చుకోవడానికి అనుమతి కోసం నేను తిరిగినన్ని రోజులు ఇంకెవరూ తిరిగుండరు. సర్వే నంబరు దగ్గరే ఆపేశారు. మీకు ఏ కాగితం కావాలో చెప్పండి.

భీమవరం కుర్రాడు
భూమి కన్వర్షన్ కాదు బాబాయ్ గారూ. యాప్ అప్‌డేట్ అయినప్పుడు ఏం మారిందో రాస్తాం కదా, ఆ మాటల గురించి.

ఉండి రైతు
అలాగా. అయితే అదీ చెప్తాను, మీ యాప్ కాదులెండి, వేరేది. నాకు రెండున్నర ఎకరాల చెరువు ఉంది. సున్నం ఎకరాకి 100 కేజీలని యాప్‌లో నేనే పెట్టుకున్నాను. ఎప్పుడూ 250 కేజీలు చూపించేది, 25 కేజీల సంచులు పది దిగేవి. ఒకరోజు అప్‌డేట్ వచ్చింది, కింద 'విస్తీర్ణం లెక్క మార్చాం' అని ఉంది. సరేలే అనుకున్నాను. ఆ వారం నేను ఊళ్ళో లేను, మావాడు ఫోన్ చూసి నాలుగు సంచులు వేయించాడు. వచ్చాక షెడ్డులో ఆరు సంచులు మిగిలుంటే అప్పుడు తెలిసింది.

అమలాపురం డేటాబేస్
బాబాయ్ గారూ, ఆ స్క్రీన్‌లో విస్తీర్ణం 1.01 అని చూపించిందా?

ఉండి రైతు
ఆయ్, అవునండి. ఒకటి పాయింట్ సున్నా ఒకటి. మావాడు ఎకరం అనుకున్నాడు.

అమలాపురం డేటాబేస్
అయితే జరిగింది ఇదీ. ఎకరం 0.4047 హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు 1.01 హెక్టార్లు. చెరువు విస్తీర్ణాన్ని హెక్టార్లలోకి తెచ్చారు గానీ, మీరు పెట్టుకున్న 'ఎకరాకి 100' అన్న రేటును ముట్టుకోలేదు. అది హెక్టారుకి 247 కావాలి. 1.01ని 100తో గుణిస్తే 101 కేజీలు, అంటే నాలుగు సంచులే. తప్పు ప్రోగ్రామ్‌దే, కాదనను. కానీ 'ఎకరాలను హెక్టార్లుగా మార్చాం' అని నోటులో ఉంటే మీవాడు 1.01ని ఎకరం అనుకోడు.

కాలువగట్టు గారూ, మీ ఉదాహరణలు బాగున్నాయి. కానీ ఎంత మారిందన్నది కాదు, ఏది మారకుండా ఉందన్నది చూడాలి. కన్వర్ట్ చేసినప్పుడు చెరువు అదే, గట్లు అవే, చెప్పే కొలతే వేరు. అంకె మొత్తం మారిపోయినా నిజం మాత్రం అదే. గ్యాస్ కిట్ పెట్టినా కారు కారే కదా.

ఆల్టర్ అంటే చిన్నదన్నది కూడా డేటాబేస్‌లో చెల్లదు. ఇది చూడండి:

```
ALTER TABLE ponds ADD area_ha DECIMAL(8,4);
UPDATE ponds SET area_ha = area_ac * 0.404686;
```

మొదటి లైను పట్టికలో కొత్త గడి తెరుస్తుంది, అంతే. ఏ రైతు అంకెనీ కదపదు. అంకెలు నింపేది రెండోది. పాత ఎకరాల గడి అలాగే ఉంది కాబట్టి తేడా వస్తే వెనక్కి వెళ్ళొచ్చు. దాన్ని తీసేసి రెండు దశాంశాలతో హెక్టార్లే దాచారనుకోండి: 33 సెంట్ల నర్సరీ చెరువు 0.13 హెక్టారు అవుతుంది, దాన్ని మళ్ళీ సెంట్లలోకి తెస్తే 32. ఒక సెంటు, అంటే 48.4 గజాలు, రౌండింగ్‌లో పోయింది. సెంటు కోసం మన వైపు అన్నదమ్ములు కోర్టుకెళ్తారు. నన్నడిగితే 'చూపించే కొలత మారింది, దాచిన అంకె మారలేదు' అన్న ముక్క నోటులో ఉండి తీరాలి.

కాలువగట్టు
సరే, ఒప్పుకుంటున్నా. కానీ రైతుకి ALTER, UPDATE ఎందుకండీ? నా పాయింట్ అదే, ఇంగ్లీషు మాట పెడితే గోల ఉండదు.

తణుకు ప్రూఫుల మేష్టారు
గోల మాటలో లేదు నాయనా, విభక్తిలో ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఒకసారి మార్జిన్‌లో 'ఈ పేరా మార్చాలి' అని రాశాను, తిరిగి రాయాలని నా ఉద్దేశం. డీటీపీ కుర్రాడు దాన్ని తీసుకెళ్ళి తరవాతి పేజీలో పెట్టాడు. వాడి తప్పేం లేదు. మనకి నోటు మార్చడమంటే చిల్లర తేవడం, బట్టలు మార్చడమంటే ఇవి విప్పి అవి కట్టడం, ఇల్లు మార్చడమంటే సామాను ఎత్తడం. ఒక్క క్రియ ఇన్ని పనులు చేస్తోంది.

అయినా మనం తికమక పడం. ఎందుకంటే పక్కన ఉన్న ప్రత్యయం చెప్పేస్తుంది. 'ఎకరాలను హెక్టార్లుగా' అంటే అదే వస్తువు కొత్త రూపంలో. 'ఎకరాలకు బదులు హెక్టార్లు' అంటే పాతది పోయి కొత్తది వచ్చింది. 'లెక్కలో మార్పు' అంటే మిగతాదంతా ఉంచి కొంత కదిలించారు. బాబాయ్ గారు చూసిన 'విస్తీర్ణం లెక్క మార్చాం'లో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. కాబట్టి మార్చాం అన్న మాట ఉంచుకో, దాని ముందు 'ను', 'గా', 'లో', 'బదులు' మింగెయ్యకు.

భీమవరం కుర్రాడు
ఇది ఎక్కడా చదవలేదు మేష్టారూ. మరి రివైజ్‌కి 'సవరించాం' పెట్టొచ్చా? ఈసారి మేత చార్టులో గ్రాములు మళ్ళీ చూసి సరిచేశాం.

ఉండి రైతు
సవరించారంటే పెంచారనే. కరెంటు ఛార్జీలు సవరించినప్పుడు ఎప్పుడైనా తగ్గాయా?

తణుకు ప్రూఫుల మేష్టారు
అది పేపర్లు, ఆఫీసులు పాడు చేసిన మాట. పుస్తకాల్లో 'సవరించిన కూర్పు' ఇంకా మంచి మాటే. మొత్తం తిరగేసి చూసి బాగుచేస్తే సవరించాం అనొచ్చు.

అమలాపురం డేటాబేస్
ఇక్కడ మాత్రం మేష్టారితో ఏకీభవించను. చార్టు తప్పు అని తెలిసి మార్చితే 'తప్పు దిద్దాం' అనాలి. సవరించాం అంటే పాతదీ సరైనదే, ఇప్పుడు ఇంకొంచెం మెరుగు అన్నట్టు వినిపిస్తుంది. పాత చార్టుతో మేత వేసినవాళ్ళు తమ లెక్క మళ్ళీ చూసుకోరు.

తణుకు ప్రూఫుల మేష్టారు
తప్పు కాకపోయినా, కొత్త మేతకి తగ్గట్టు గ్రాములు మార్చారనుకోండి. అప్పుడు దిద్దాం అంటే లేని తప్పు ఒప్పుకున్నట్టు కాదా?

భీమవరం కుర్రాడు
మా దగ్గర రెండూ జరిగాయి మేష్టారూ, అదే టెన్షన్. 12 గ్రాముల పైన రొయ్యకి తప్పు అంకె ఉంది, దిద్దాం. 12, అంతకన్నా తక్కువ గ్రాముల వరసలు కొత్త మేతకి సరిపోయేలా మార్చాం. నోటు చివర వాటిని రెండు వాక్యాలుగా విడగొట్టాను, చూడండి:

'చెరువు విస్తీర్ణాన్ని ఎకరాల నుంచి హెక్టార్లుగా మార్చి చూపిస్తున్నాం. మీరు రాసిన ఎకరాల అంకె అలాగే ఉంది. ఎకరాకి పెట్టుకున్న రేట్లను కూడా హెక్టారు రేట్లుగా మార్చాం. 12 గ్రాముల పైన మేత అంకెలో తప్పు దిద్దాం, పాత అంకెతో మేత వేసినవాళ్ళు మళ్ళీ చూసుకోండి. 12 గ్రాములు, అంతకన్నా తక్కువ రొయ్యలకు కొత్త మేత ప్రకారం అంకెలు సవరించాం.'

కాలువగట్టు
ఇంత పొడుగు ఎవడు చదువుతాడు బ్రో.

ఉండి రైతు
నేను చదువుతాను. కానీ హెక్టార్లెందుకయ్యా, ఎకరాలే ఉంచొచ్చుగా?