కాకతీయుల కాలం నాటకంలో పాత్రలు ఏ తెలుగు మాట్లాడాలి?

ఓరుగల్లు_రంగస్థలం అడిగింది:
1309 చివర్లో, ఢిల్లీ సేనలు ఓరుగల్లు మీదికి వస్తున్న రోజుల్లో జరిగే నాటకం రాస్తున్నాను. పూటకూళ్ళ ఇంట్లో ఒక సీను ఉంది. గ్రాంథికంలో రాయమని సగం టీమ్, మామూలు తెలుగులో రాయమని మిగతా సగం. డ్రాఫ్ట్ పెడుతున్నాను, తప్పులు చెప్పండి.
బంటు: "అక్కా, ఐదు నిమిషాల్లో భోజనం పెట్టు. కోటకు కబురు తీసుకెళ్ళాలి. ఖర్చు ఎంతైనా ఫర్వాలేదు."
పూటకూళ్ళమ్మ: "ఎండుమిరపకాయల పచ్చడి, పప్పు ఉన్నాయి నాయనా. తిను. డబ్బు సంగతి తర్వాత."

పద్యం_తెనాలి:
గ్రాంథికమే రాయండి. నలభై ఏళ్ళుగా పద్యనాటకాలు వేస్తున్నాను. "ఏమి సేయవలె" అన్న మరుక్షణం ప్రేక్షకుడు పాత కాలంలోకి వెళ్ళిపోతాడు. "ఏం చెయ్యాలి" అంటే మన వీధిలోనే ఉండిపోతాడు. ఇక అన్యదేశ్యాలు, అంటే ఆ ఉర్దూ మాటలు మొత్తం ఏరిపారేయండి. సంస్కృతం, అచ్చతెలుగు మాత్రమే ఉంచుకుంటే ఏ పొరపాటూ జరగదు.

శాసనాల_వెంట:
మేష్టారూ, రెండో మాట చాలావరకు నిజం, మొదటి మాట మీద నాకు అభ్యంతరం ఉంది. మనం గ్రాంథికం అనుకునే వచనం 1309లో ఎవరూ ఇంట్లో మాట్లాడింది కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది 1858లో. మన చెవికి పాతగా వినిపించే ఆ వచనం ఆ తర్వాత బడి పుస్తకాల్లో గట్టిపడింది. కాకతీయుల కాలపు పూటకూళ్ళమ్మ చేత అది మాట్లాడించడం కూడా కాలం తప్పడమే, కాకపోతే మనకు గౌరవంగా వినిపించే తప్పు. ఆ కాలానికి చెందిన పాల్కురికి సోమనాథుడు "జాను తెనుగు" అంటూ ద్విపదలో రాశాడు. జనం పాడుకునే తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాల పేర్లు ఆయన పండితారాధ్య చరిత్రలోనే దొరుకుతాయి. అంటే వాడుక మాట వేరుగా, బతికే ఉంది.

కాబట్టి వ్యాకరణం మనదే ఉండనివ్వండి, సాదాగా. ప్రేక్షకుడు దాన్ని గమనించడు. గమనించేది వస్తువును, మాటను. ఈ డ్రాఫ్టులో నాకు కనిపించినవి చెబుతాను.

"కబురు", "ఖర్చు", "ఫర్వా" మూడూ అరబీ, పారసీ నుంచి వచ్చినవి. వెతకడం కష్టమేమీ కాదు. ఆంధ్రభారతి సైటులో మాట కొట్టి బ్రౌన్ నిఘంటువు చూడండి. హిందుస్థానీ నుంచి వచ్చిన మాట పక్కన ఆయన [H.] అని గుర్తు పెట్టాడు. డ్రాఫ్టులోని ప్రతి నామవాచకాన్నీ అలా చూస్తే ఒక పూట పడుతుంది. "రైతు", "దుకాణం", "బజారు", "జవాబు", "తయారు", "సిపాయి" అన్నీ అక్కడే పట్టుబడతాయి. రైతుకు "కాపు", దుకాణానికి "అంగడి" ఉన్నాయి. సిపాయిని మీరు ముందే "బంటు" అన్నారు, మంచిది.

మేష్టారి ఉపాయంతో పట్టుబడని మాట "నిమిషం". అది సంస్కృతమే, పాతదే. కానీ రెప్పపాటు అని దాని అర్థం. అరవై సెకన్ల నిమిషం గోడ గడియారంతో వచ్చింది. అప్పుడు రోజుకు అరవై గడియలు, గడియ అంటే మన 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు. "ఐదు నిమిషాల్లో" అనే ఆలోచనే ఆ బంటుకు రాదు. మాట ఎంత పాతదో చూడటం సులువు, అర్థం ఎంత పాతదో చూడటమే అసలు పని. "ఉద్యోగం" అంటే కావ్యాల్లో ప్రయత్నం, "విమానం" అంటే మేడ కూడా. నిఘంటువు పక్కన పాత పద్యం ఒకటి పెట్టుకుని అక్కడ ఆ మాట ఏ అర్థంలో పడిందో చూడాలి.

డల్లాస్_నాటకబృందం:
మా అనుభవం చెబుతాను. ఇక్కడ పిల్లలతో రాయలవారి మీద నాటకం వేశాం. అసలు మామూలు తెలుగే వాళ్ళకు కష్టం, పాత తెలుగు లిపి నేర్పించడం ఎలా కుదురుతుంది? అందుకని మామూలు తెలుగే వాడాం. వంటింటి సీనులో టమాటా చారు అని పెట్టాం. నాటకం అయ్యాక ఒక పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని, "బాబూ, టమాటా అమెరికా ఖండానిది" అన్నారు. చాలా బాధేసింది, అంత కష్టపడి ఒక్క మాట దగ్గర పోయింది. మిరపకాయ మాత్రం రాయల కాలానికి సరేనేమో, పోర్చుగీసువాళ్ళు అప్పటికే గోవాలో ఉన్నారు కదా?

శాసనాల_వెంట:
ఆయన అడిగింది లిపి గురించి కాదండీ, పాత్రలు మాట్లాడే తీరు గురించి. మీ మిరపకాయ ప్రశ్న మాత్రం బాగుంది. పోర్చుగీసువాళ్ళు 1510లో గోవా పట్టుకున్నారు నిజమే. అయినా ఓడలో ఒక విత్తనం దిగడం వేరు, ఊరూరా రోట్లో కారం దంచుకోవడం వేరు. రాయల కాలానికి వాదించుకోవచ్చు. 1309కి వాదన లేదు, కొలంబస్ బయల్దేరిందే 1492లో. ఆ నాటకంలో ఘాటు మిరియాలది, ఆవపిండిది. "మిరప" అనే పేరు కూడా మిరియం నుంచే పుట్టింది.

సెట్టు_పనిమనిషి:
నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పన్నెండేళ్ళుగా ఉన్నాను. డైలాగు మీద అందరూ కొట్టుకుంటారు కానీ సెట్టు మీదికి వచ్చేసరికి గుడికి బంతిపూల దండ వేసేస్తారు. బంతి కూడా మెక్సికో వైపు నుంచి వచ్చిన పువ్వే. నేను మల్లె, సంపెంగ, గన్నేరు, తామర వాడతాను. పెరట్లో బొప్పాయి, జామ ఉండకూడదు. ఔట్‌డోర్ అయితే సర్కారు తుమ్మ, నాగజెముడు కనిపించని వైపు కెమెరా పెట్టించాలి, అది పెద్ద టెన్షన్.

ఇంకోటి, ఆ కబురు బంటు చేతిలో ఎలా ఉంది? రెండు కర్రలకు చుట్టిన కాగితం చుట్ట పెట్టకండి. కాగితం మాటే పారసీ. తాటాకు పెట్టండి. మేం ఒకసారి నిజంగా చేశాం. ఎండిన ఆకు మీద గంటంతో గీస్తే అక్షరం కనిపించదు, గీత మాత్రం వేలికి తగులుతుంది. దీపం మసి నూనెలో కలిపి రుద్ది గుడ్డతో తుడిస్తే గీతలో నల్లగా అక్షరం తేలుతుంది. ఆ తుడవడమే స్టేజి మీద చేయించండి. కరణం పాత్ర ఉంటే అతనికి చేతినిండా పని దొరుకుతుంది.

వరంగల్ కోటలో షూట్ చేసేవాళ్ళకు కూడా ఒక మాట. ఖుష్ మహల్ కమానుల ముందు ప్రతాపరుద్రుణ్ణి నిలబెట్టవద్దు. అది కాకతీయులు పోయాక కట్టింది. తోరణాల వైపు తీసుకోండి.

ఓరుగల్లు_రంగస్థలం:
బంతిపూలు నిజంగా తెలియదు అన్నా, దండలు ఆర్డర్ కూడా ఇచ్చాం. మార్పించేస్తాను. మరి భోజనంలో ఏం వడ్డించాలి? ఎంత తీసుకోవాలి? రూపాయి అనలేను కదా.

శాసనాల_వెంట:
రూపాయి షేర్ షా కాలానిది, 1540ల తర్వాత. "డబ్బు" కూడా తర్వాతి రాగి నాణెం పేరు. కాకతీయ శాసనాల్లో కనిపించేవి మాడ, రూక వంటివి.

భోజనానికైతే మీకు నేరుగా సాక్ష్యం ఉంది. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి మీద ఒక పద్యం ఉంది. ఒక్క రూకకు ఏమేం పెడతారో అందులో వరసగా చెబుతాడు. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇంతకంటే మంచి ప్రాపర్టీ లిస్టు ఎవరిస్తారు?

పద్యం_తెనాలి:
పద్యం నాకు కంఠతా వచ్చు. అయితే పంచదార, గోధుమ ఉత్తరాది నుంచి తురుష్కులతో వచ్చినవని విన్నాను. అవి తీసేస్తే మేలు.

శాసనాల_వెంట:
కాదు మేష్టారూ, చెరుకు, గోధుమ రెండూ మన దేశంలో చాలా పాతవి. వాటితో భయం లేదు. జాగ్రత్త పడాల్సింది ఇంకో చోట. ఆ కావ్యం కాకతీయుల ఓరుగల్లును చూపిస్తుంది కానీ రాసింది ఆ రాజ్యం పడిపోయిన తర్వాత. కాబట్టి పదార్థాలు నమ్మవచ్చు, ధర దగ్గర కొంచెం వెనక్కి తగ్గాలి. "ఒక్క రూక" అని ఒకసారి అనిపించి వదిలేయండి, దాని మీద లెక్కలు కట్టే సీను రాయకండి.

నేనైతే ఇలా రాస్తాను.
బంటు: "అక్కా, ఎసరు పొంగేలోపు వడ్డించు. జాము తిరిగేసరికి కోటలో వార్త చెప్పాలి. ఎంతైనా ఇస్తాను."
పూటకూళ్ళమ్మ: "పెసరపప్పు దించాను, నెయ్యి ఇప్పుడే కాచాను. కూర్చో నాయనా. రూక తర్వాత ఇద్దువులే."

ఇందులో పాత మాటలు రెండే, జాము, రూక. ఆ ఇల్లు వంటతోనే కాలం కొలుస్తుంది, అందుకే ఎసరు పెట్టాను.

పారసీ మాటలు మొత్తం తీసేయాలా అంటే, ఒక చోట ఉంచుకోవచ్చు. గుర్రాలు సముద్రం మీద అరబ్బుల దగ్గర్నుంచి వచ్చేవి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం విదేశీ వర్తకులకే. మీ నాటకంలో గుర్రాల వర్తకుడు ఉంటే అతని నోట ఒకటి రెండు పరాయి మాటలు పడనివ్వండి. మిగతావాళ్ళ నోట లేవు కాబట్టి అతను ఎక్కడివాడో ప్రేక్షకుడికి వెంటనే తెలుస్తుంది.

ఓరుగల్లు_రంగస్థలం:
ఇది చదివాక ఇంకో అనుమానం పట్టుకుంది. బంటు కోటలో ప్రతాపరుద్రుడితో మాట్లాడాలి. కావ్యాల్లో రాజును కూడా "నీవు" అనే అంటారు కదా. అలా రాసి నిన్న రిహార్సల్‌లో పెడితే, అందరూ వీడెవడు రాజుని నువ్వంటున్నాడు అన్నారు. "మీరు" పెడితే మన కలెక్టరాఫీసులా ఉంది.

శాసనాల_వెంట:
ఇక్కడ నా దగ్గర పక్కా సమాధానం లేదు. పద్యంలో నీవు అన్నంత మాత్రాన కొలువులో నిలబడ్డ బంటు అలాగే అన్నాడని చెప్పలేం. నేనైతే "నీవు" అనే ఉంచుతాను. మొదటి రెండు వాక్యాలు గుచ్చుకుంటాయి, తర్వాత అలవాటవుతుంది.

డల్లాస్_నాటకబృందం:
మా పిల్లలైతే "మీరు" తప్ప ఒప్పుకోరండీ. రాజు కాదు, పక్కింటి అంకుల్‌ని కూడా మీరు అనమని మేమే నేర్పించాం.

పద్యం_తెనాలి:
ఆ రెండూ వద్దు. "దేవర" అనండి. "దేవర ఆనతిస్తే చెబుతాను", "దేవరకు తెలియనిది కాదు". నువ్వూ రాదు, మీరూ రాదు. పాత కావ్యాల్లోనూ ఉన్న మాటే. గ్రాంథికం గురించి నా అభిప్రాయం మారలేదు, కొలువు సీన్లు గ్రాంథికంలోనే ఉండాలంటాను. పూటకూళ్ళ ఇంటికి మాత్రం నీ ఎసరు బాగుంది తమ్ముడూ.

ఓరుగల్లు_రంగస్థలం:
"దేవర" పెట్టి ఇవాళ చదివించాను మేష్టారూ. బంటు వేసే కుర్రాడు ఆ మాట అనేటప్పుడు తనంతట తానే తల దించాడు. కొలువు సీను రెండు రకాలుగానూ రాసి ఆదివారం రిహార్సల్‌లో వినిపిస్తాను. మల్లె దండలు దొరికాయి, తాటాకులు ఇంకా దొరకలేదు.