ముక్కూ మొహం తెలియని వాళ్ళని రిఫరల్ అడగొచ్చా?

జావా_కూకట్‌పల్లి: బెర్లిన్‌లో ఒక పేమెంట్స్ కంపెనీలో సీనియర్ బ్యాకెండ్ పోస్టు పడింది. నాకు 6 ఏళ్ళ అనుభవం, ఇక్కడే హైదరాబాద్‌లో. అక్కడ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. లింక్డ్‌ఇన్‌లో వెతికితే అదే టీమ్‌లో ఉన్నట్టున్న ఒక తెలుగు ఆవిడ కనిపించారు. పరిచయం లేకుండా ఆవిడని రిఫరల్ అడగడం సబబేనా? అడిగితే ఏం రాయాలి? ముందు అప్లై చేసేసి తర్వాత అడుగు అంటున్నాడు మా రూమ్మేట్.

బెజవాడ_బ్రో: ఇందులో మొహమాటం దేనికి బ్రో, అడిగెయ్. తెలుగువాళ్ళు కాబట్టి కాదనరు, పైగా బోనస్ వచ్చేది వాళ్ళకే. రిఫరల్ పడిందంటే ఇంటర్వ్యూ ఖాయం. ఆవిడ ఒక్కరికే కాదు, ఆ కంపెనీలో కనిపించిన ప్రతివాళ్ళకీ పెట్టు, ఎవరో ఒకరు పలుకుతారు.

స్ప్రీ_ఒడ్డున: బెజవాడ తమ్ముడు చెప్పినదాంట్లో అడిగెయ్ అన్నంతవరకే నిజం. నేను బెర్లిన్‌లోనే ఉంటాను, పరిచయం లేనివాళ్ళని కూడా రిఫర్ చేస్తుంటాను, కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. రిఫర్ చేయాలంటే నేను ఒక ఫారం నింపాలి. ఏ పోస్టు, ఈ మనిషి మీకెలా తెలుసు, కలిసి పనిచేశారా, ఎందుకు సరిపోతారనుకుంటున్నారు అని అడుగుతుంది. తెలియని మనిషైతే తెలియదనే రాస్తాను, లింక్డ్‌ఇన్‌లో రాశారు, సీవీ చూశాను, ఫలానా పని మా పనికి దగ్గరగా ఉంది అని. పాత సహోద్యోగి గురించి రాసినంత బరువు దీనికి ఉండదు, ఇంటర్వ్యూ ఖాయమూ కాదు. కానీ వందల సీవీల మధ్య రిక్రూటర్ కన్ను మీ దాని మీద పడుతుంది, అది చిన్న విషయమేమీ కాదు.

మీ రూమ్మేట్ మాట మాత్రం వినకండి. చాలా కంపెనీల సిస్టమ్‌లో మీ ఈమెయిల్‌తో అప్లికేషన్ ముందే ఉంటే తర్వాత వచ్చిన రిఫరల్ లెక్కలోకి రాదు, లేదా మనుషుల్ని పట్టుకుని కలిపించుకోవాలి. అడగడం ముందు, అప్లై తర్వాత. అందరికీ పెట్టడమూ అలాగే బెడిసికొడుతుంది. ఇద్దరు సరే అన్నారనుకోండి, రెండో ఆయన ఫారం నింపాక ఈ అభ్యర్థిని ఇప్పటికే రిఫర్ చేశారు అని వస్తుంది. ఆయనకి ఒళ్ళు మండుతుంది, న్యాయంగానే. ఒక కంపెనీలో ఒకరినే అడగండి, వారం ఆగండి, పలుకు లేకపోతే ఇంకొకరు.

ఇక బోనస్ అంటారా. మనిషి చేరాకే ఇస్తారు, చాలాచోట్ల ప్రొబేషన్ దాటాక. ఇక్కడ ప్రొబేషన్ మామూలుగా 6 నెలలు. అంతకుముందు ఇంటర్వ్యూలు, మీ నోటీసు పీరియడ్, వీసా. ఏడాది తర్వాత వస్తుందో రాదో తెలియని డబ్బు కోసం ఎవరూ మీ సీవీ తెరవరు.

ఆమ్‌స్టర్‌డామ్_అక్క: నేనైతే ఇవ్వను, ముందే చెప్పేస్తున్నా. ఒకసారి ఇలాగే ఊరూ పేరూ తెలియని అబ్బాయిని రిఫర్ చేశాను. సీవీలో మైగ్రేషన్ అంతా తనే చేసినట్టు రాశాడు. మొదటి రౌండ్‌లోనే తేలిపోయింది, టెస్టింగ్‌లో కొంచెం చెయ్యి పెట్టాడంతే. రిక్రూటర్ వచ్చి ఈయన మీకెలా తెలుసు అని నన్నడిగింది. ఆ తర్వాత నేను నిజంగా తెలిసినవాళ్ళని పంపినా నా మాట తేలికైపోయింది. రిఫరల్ అంటే పూచీ. ముందు టీమ్ గురించి, పని గురించి ఓ పావుగంట మాట్లాడతారా అని అడగండి, మాట్లాడాక నాకే అనిపిస్తే నేనే చేస్తాను.

ఇంకో మాట, మీ కంపెనీ వీసా ఇస్తుందా అని నన్నడగొద్దు. నెదర్లాండ్స్‌లో ఇమిగ్రేషన్ శాఖ ఐఎన్‌డీ వాళ్ళు గుర్తింపు పొందిన స్పాన్సర్ల జాబితా బయటే పెట్టారు. యూకేలో కూడా లైసెన్సున్న స్పాన్సర్ల జాబితా ఉంది. రెండు నిమిషాల పని నాతో చేయించడం దేనికి?

స్ప్రీ_ఒడ్డున: అక్కా, మీకు జరిగింది కాదనను, కానీ ఆ పావుగంట సలహాతో నాకు పడదు. కాల్ అడిగేవాళ్ళందరికీ చివర్లో కావాల్సింది రిఫరలే, ఇద్దరికీ తెలుసు, అయినా పది నిమిషాలు వర్క్ కల్చర్ గురించి నాటకం ఆడాలి. సూటిగా అడిగితే రెండు నిమిషాల్లో చదివి అవుననో కాదనో చెప్తాను. ఈయన ఆవిడకి రాయాల్సింది నా లెక్కలో ఇలా ఉండాలి. పంపేది ఇంగ్లీషులోనే, నేను విషయం చెప్తున్నాను:

"మీ బెర్లిన్ ఆఫీసులో సీనియర్ బ్యాకెండ్ పోస్టు చూశాను, జాబ్ ఐడీ, లింకు కింద ఉన్నాయి. ఇంకా అప్లై చేయలేదు, మీ కంపెనీలో వేరెవరినీ అడగలేదు. జావాలో 6 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇప్పటి ప్రాజెక్టులో ఒకే రీఫండ్ రెండుసార్లు వెళ్ళకుండా చూసే సర్వీసు నేనే రాశాను, మీ ప్రకటనలో మొదట అడిగింది అదే. వర్క్ వీసా, అంటే బ్లూ కార్డు కావాలి, నోటీసు 60 రోజులు. ఒక పేజీ సీవీ జత చేశాను. చూసి సరిపోతుందనిపిస్తే రిఫర్ చేయగలరా? కుదరకపోతే ఏమీ అనుకోను, వచ్చే శుక్రవారం నేరుగా అప్లై చేసుకుంటాను."

రీఫండ్ సంగతి ఊరికే ఉదాహరణకి రాశాను, అక్కడ మీరు నిజంగా చేసిన పని ఒక్కటే పెట్టండి. ఆ వాక్యాన్ని ఆవిడ ఫారంలో ఉన్నదున్నట్టు అతికించుకోగలగాలి. చివరి వాక్యం తీసేయకండి, జవాబివ్వకపోయినా తప్పు చేసినట్టు ఆవిడకి అనిపించదు, మీ అప్లికేషన్ కూడా ఆవిడ కోసం ఆగిపోదు.

పంపేముందు, విదేశీ డిగ్రీలకి జర్మనీలో గుర్తింపు ఉందో లేదో చూపించే అనాబిన్ డేటాబేస్‌లో మీ యూనివర్సిటీకి గుర్తింపు ఉందని చెప్పే H+ ఉందో లేదో, మీ డిగ్రీ ఉందో లేదో చూసుకోండి. లేకపోయినా 2023 నవంబర్ నుంచి ఐటీ వాళ్ళకి, గత 7 ఏళ్ళలో 3 ఏళ్ళ తగిన అనుభవం ఉంటే, డిగ్రీ లేకుండానే బ్లూ కార్డుకి దారి ఉంది. రిక్రూటర్ తప్పకుండా అడుగుతారు, అప్పుడు తడుముకోకూడదు.

మియాపూర్_మైనా: నాదీ ఇలాంటిదే అనుకుంటా. మా కంపెనీ ఇక్కడి ఆఫీసు నుంచి డల్లాస్ పంపుతామంటోంది, కంపెనీ లోపలి బదిలీలకి ఇచ్చే ఎల్-1 వీసా మీద. చేరి 8 నెలలే అయింది. అక్కడి మేనేజర్‌ని రిఫరల్ అడగాలా?

స్ప్రీ_ఒడ్డున: మైనా గారూ, మీది ట్రాన్స్‌ఫర్, దీనికీ దానికీ పొత్తు లేదు. ఎల్-1కి బయటి దేశంలోని ఆఫీసులో వరసగా ఏడాది పనిచేసి ఉండాలి, కాబట్టి ఇంకో నాలుగు నెలలు ఓపిక పట్టండి, హెచ్‌ఆర్‌తో మాట్లాడండి.

బెజవాడ_బ్రో: అయితే అమెరికా వాళ్ళని అడగడం కూడా దండగేనా అన్నా? మా టెలిగ్రామ్ గ్రూపులో డబ్బులు కడితే అక్కడి కంపెనీలకి రిఫరల్ ఇప్పిస్తామంటున్నారు.

ఆమ్‌స్టర్‌డామ్_అక్క: డబ్బులు కట్టకు నాన్నా. కంపెనీకి తెలిస్తే అమ్మినవాడి ఉద్యోగం పోవచ్చు, నీ పేరూ నల్ల జాబితాలో పడొచ్చు. అక్కడి ఉద్యోగానికి కావాల్సిన హెచ్-1బి వీసాలు కంపెనీలకి ఏడాదికి 85,000, మార్చిలో రిజిస్ట్రేషన్, అక్టోబర్‌లో ఉద్యోగం మొదలు. దాని మీద 2025 సెప్టెంబర్‌లో బయటినుంచి వచ్చే కొత్తవాళ్ళకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. ఇండియాలో కూర్చున్న నీకోసం అవన్నీ రిఫరల్ చూసి పెట్టుకునే కంపెనీలు ఎన్నుంటాయి?

జావా_కూకట్‌పల్లి: మెసేజ్ రాసుకున్నాను. రీఫండ్లు కాదు గానీ నాది సెటిల్‌మెంట్ ఫైళ్ళ పని, అది పెట్టాను. ఒక్క డౌట్. మనం కూడా తెలుగే అని ఒక ముక్క కలపనా? ఆవిడని మేడమ్ అనాలా?

స్ప్రీ_ఒడ్డున: పేరు పెట్టి రాయండి, ఇక్కడ టెక్ కంపెనీల్లో మేడమ్, సర్ ఎవరూ వాడరు. తెలుగు సంగతి వద్దు, మొహమాటపెట్టినట్టుంటుంది.

ఆమ్‌స్టర్‌డామ్_అక్క: నాకైతే ఆ ఒక్క ముక్క ఉంటేనే మెసేజ్ తెరవాలనిపిస్తుంది. రిఫర్ చేస్తానని కాదు, జవాబు మాత్రం ఇస్తాను.

బెజవాడ_బ్రో: చూశావా బ్రో, నేను చెప్పలా!