స్టోరీ మ్యాప్ నిజంగా ఖాళీలు చూపిస్తుందా, మనకు తెలిసినవే మళ్లీ గోడకు అతికిస్తున్నామా?

కొత్తఓనర్: మా బ్యాక్‌లాగ్‌లో 46 స్టోరీలున్నాయి. ప్రాధాన్యం చూసి పైనుంచి 18 తీసుకుని మొదటి రిలీజ్ అనుకున్నాం. స్టోరీ మ్యాప్ వేస్తే ఏది తప్పిపోయిందో కనబడుతుందని చెబితే, రెండు గంటలు కూర్చుని టికెట్లన్నీ ప్రింట్ తీసి, ఒక పోలిక ఉన్నవన్నీ ఒకచోట చేర్చి నిలువు వరుసలుగా అతికించాం. ఒక్క ఖాళీ కూడా కనబడలేదు. మా రిలీజ్ సరిగ్గా ఉన్నట్టా, లేక మ్యాప్ వల్ల ఉపయోగం లేనట్టా?

పాతబోర్డు: మ్యాప్ అక్కర్లేదండీ. టూల్‌లో ఏ టికెట్ దేనిమీద ఆధారపడిందో లింకులు పెట్టండి. రిలీజ్‌లో ఉన్న టికెట్ రిలీజ్‌లో లేనిదానిమీద ఆధారపడితే వెంటనే తెలిసిపోతుంది. మేము ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం, గోడకు కాగితాలు అతికించాల్సిన పని పడలేదు.

నడకదారి: పాతబోర్డు గారు చెప్పింది రాసిపెట్టిన టికెట్ల మట్టుకు నిజం. లింకు పెట్టాలంటే రెండు వైపులా టికెట్ ఉండాలి కదా. అసలు ఎవరూ రాయని పనికి లింకు ఎక్కడ పెడతారు? ఖాళీ అంటే ఎక్కువసార్లు అదే.

కొత్తఓనర్ గారూ, మీ మ్యాప్‌లో ఖాళీ ఎందుకు కనబడలేదో మీ పోస్టులోనే ఉంది. మీరు టికెట్లతో మొదలుపెట్టారు. వాటిని గుంపులు చేస్తే వచ్చే ప్రతి వరుసలోనూ కార్డులు ఉండితీరతాయి, ఎందుకంటే ఆ వరుస పుట్టిందే వాటిలోంచి. ఖాళీ వరుస కనబడాలంటే టికెట్లను ముట్టుకోకముందే వరుసలు సిద్ధంగా ఉండాలి.

మా అనుభవం చెబుతాను. డాక్టరు అపాయింట్‌మెంట్ యాప్. మాకూ మొదటి రిలీజ్‌కి 18 స్టోరీలే. నేను టెస్టర్‌ని. టికెట్లు పక్కన పెట్టేసి, ఒంట్లో బాగోలేని మనిషి మొదటినుంచి చివరిదాకా ఏం చేస్తాడో గట్టిగా చెబుతూ ఒక్కో క్రియను ఒక్కో కార్డు మీద రాశాం. డాక్టరును వెతుకుతాడు, సమయం ఎంచుకుంటాడు, డబ్బు కడతాడు, ఆరోజు గుర్తుచేస్తే బయల్దేరతాడు, ఆసుపత్రిలో పేరు చెబుతాడు, చూపించుకుని మందుల చీటీ తీసుకుంటాడు. ఎడమనుంచి కుడికి ఆరు కార్డులు. ఈ పై వరుసనే వెన్నెముక అంటారు. దీనిలో ఏది ముఖ్యం, ఏది కాదు అన్న లెక్క ఉండదు, ఏది తీసేసినా కథ తెగిపోతుంది. అప్పుడుగాని 18 స్టోరీలూ వాటి కింద పెట్టలేదు.

వెతకడం కింద 5, సమయం కింద 3, చెల్లింపు కింద 6, గుర్తుచేయడం కింద 2, చీటీ కింద 2 పడ్డాయి. ఆసుపత్రిలో పేరు చెప్పడం కింద ఒక్కటీ లేదు. డబ్బు కట్టిన మనిషి గుమ్మం దాకా వస్తాడు, కౌంటరులో ఉన్నవాళ్ల దగ్గర అతని పేరు కనబడే స్క్రీనే లేదు. ఆ పని మొత్తం బ్యాక్‌లాగ్‌లోనే లేదు, ఎందుకంటే స్టోరీలన్నీ రోగి వైపునుంచి రాశాం. కౌంటరు మనిషి మాకు వాడుకరిగా తోచనే లేదు.

దాన్ని ఇరికించడానికి రిలీజ్‌ని పెంచలేదు. చెల్లింపులో కార్డు వివరాలు దాచుకోవడం, డిస్కౌంట్ కోడ్ అనే రెండింటినీ, మొదటి రిలీజ్ ఇక్కడిదాకా అని గోడమీద అడ్డంగా గీసిన గీత కిందికి దించాం. వాటి చోట ఆరోజు పేర్ల పట్టిక, వచ్చినట్టు గుర్తుపెట్టడం పైకి వచ్చాయి. మళ్లీ 18 అయ్యాయి. ఒక్క చెల్లింపు కిందే ఆరు కార్డులు వేలాడుతుండటం కూడా మాకు గోడమీదే కనబడింది. వరుస జాబితాలో ఆరూ ఆరు చోట్ల ఉండేవి.

రంగులగ్రాఫ్: మేమూ ఇది చేశాం. ఒక్కో మెట్టు దగ్గర వాడుకరికి సంతోషమా, విసుగా అని గీత గీసి మేనేజ్‌మెంట్‌కి చూపించాం, చాలా నచ్చింది. చెల్లింపు దగ్గర గీత బాగా కిందికి పడింది.

నడకదారి: అది జర్నీ మ్యాప్ అండీ. ఇప్పుడున్న అనుభవం ఎలా ఉందో చెబుతుంది. ఇక్కడ అడుగుతున్నది, రాబోయే రిలీజ్‌లో ఏ మెట్టు కింద పని లేదు అని. మీ మెట్లనే వెన్నెముకగా తీసుకోవచ్చు, ఆ శ్రమ వృథా కాదు.

క్యూవెనకాల: నేను బ్యాకెండ్ డెవలపర్‌ని. నడకదారి గారి మ్యాప్‌లో ఇంకో రంధ్రం ఉంది, అది గోడమీద కనబడదు. రోగి సమయం ఎంచుకుని, డబ్బు కట్టే పేజీలో ఫోన్ పక్కన పెట్టేశాడు. ఆ సమయం ఎంతసేపు పట్టి ఉంచాలి? ఎవరు వదలాలి? మా దగ్గర ఒక రిలీజ్‌లో ఇది మరిచిపోతే, సాయంత్రానికి సమయాలన్నీ నిండినట్టు కనబడ్డాయి, వచ్చినవాళ్లు మాత్రం లేరు. ఇది వాడుకరి చేసే పని కాదు, అందుకే ఏ వరుసా దీన్ని అడగదు. మ్యాప్ నిండుగా ఉంది కాబట్టి రిలీజ్ నిండుగా ఉందనుకోవడం ప్రమాదం.

నడకదారి: మీ మాట సగం ఒప్పుకుంటాను. వరుసలు నింపాక మేము రెండోసారి నడుస్తాం, ప్రతి కార్డు దగ్గరా ఆగి ఇక్కడ మనిషి వదిలేసి పోతే ఏమవుతుంది, నెట్ పోతే ఏమవుతుంది అని అడుగుతూ. పట్టి ఉంచిన సమయం సంగతి అలా దొరుకుతుంది. కానీ రాత్రి జరిగే లెక్కల సరిపోల్చడం, బ్యాకప్, పాత డేటా మార్పిడి లాంటివి ఎన్నిసార్లు నడిచినా దొరకవు. అవి దారిమీద లేవు.

క్యూవెనకాల: అందుకే అన్నింటికీ కింద సిస్టమ్ పేరుతో ఒక అడ్డవరుస ఉండాలంటాను.

నడకదారి: మేము పెట్టి తీసేశాం. డెవలపర్లు ప్రతి కార్డు కిందా డేటాబేస్ పనులు రాయడం మొదలుపెట్టారు. రెండు రోజుల్లో వాడుకరి కథ కనుమరుగైంది. వేరే జాబితాగా ఉంచడమే మేలు.

క్యూవెనకాల: వేరే జాబితా అంటే దాన్ని ఎవరూ చూడరు. ఇది మాత్రం ఒప్పుకోలేను.

పాతబోర్డు: కౌంటరు సంగతి లింకులతో దొరకదు, నిజమే. కానీ గీత గీశాక ఒక కార్డు పైకి లాగితే, అది ఆధారపడే నాలుగు కార్డులు గీత కిందే ఉండిపోవచ్చు. అది మ్యాప్ చెప్పదు, లింకులే చెబుతాయి. రెండూ ఉంచుకోండి.

కొత్తఓనర్: మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. టికెట్లు పక్కన పెట్టి మళ్లీ చేశాం. ముందు అలవాటు కోసం, స్టోరీ మ్యాప్ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన జెఫ్ పాటన్ చేయించే అభ్యాసం చేశాం: పొద్దున లేచినప్పటినుంచి పనికి బయల్దేరేదాకా చేసినవన్నీ ఎవరికి వారు కార్డుల మీద రాసి, అందరివీ కలిపి వరుసలో పెట్టడం. తర్వాత మా యాప్. మాది ఇంటి మరమ్మతుల పని. పనివాడు ఇంటికి వచ్చి చూసి, ముందు చెప్పిన ధర కన్నా ఎక్కువవుతుందంటే వాడుకరి ఒప్పుకునే మెట్టు కింద ఒక్క కార్డూ లేదు. 46లో ఎక్కడా లేదు.

ఇప్పుడు కొత్త చిక్కు. వాడుకరి దారి, పనివాడి దారి మొదట్లో వేరువేరుగా సాగి, ఇంటి గుమ్మం దగ్గర కలుస్తాయి, తర్వాత మళ్లీ విడిపోతాయి. ఒకే గోడమీద రెండు రంగుల్లో పెట్టాలా, రెండు మ్యాపులు వేయాలా?

నడకదారి: ఒకటే వేయండి. కలిసేచోటే మీ ఖాళీ దొరికింది. విడగొడితే ఆ మెట్టు పక్క మ్యాప్‌లో ఉందిలే అని ఇద్దరూ అనుకుంటారు.

క్యూవెనకాల: మూడో మనిషి కూడా వస్తే ఆ గోడ చదవలేం. నేనైతే రెండు వేసి, కలిసే మెట్లను రెండింటిలోనూ రాస్తాను.