మోటార్-డైనమో జోడీ ఉండగా ఏసీ చేతిలో డీసీ ఎందుకు ఓడింది?

1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ నుంచి ఎడిసన్ ఇచ్చింది దాదాపు 110 వోల్టుల డీసీ. లెక్క వేసి చూశాను. 11 కిలోవాట్లు పంపాలంటే 100 ఆంపియర్లు కావాలి. రానుపోను తీగల నిరోధం 0.1 ఓమ్ అనుకుంటే 10 వోల్టులు దారిలోనే పోతాయి, 1000 వాట్లు వేడిగా మారతాయి, చివరి ఇంట్లో బల్బు మసకబారుతుంది. అదే తీగలో 1100 వోల్టులతో పంపితే 10 ఆంపియర్లే, నష్టం 10 వాట్లే. రాగిని లావు చేసి నెగ్గుకురావచ్చు గానీ ఖర్చు తట్టుకోలేం. ఎడిసన్ మూడు తీగల పద్ధతి రాగిని బాగా ఆదా చేసినా, దూరం సమస్య పూర్తిగా తీరలేదు.

1886లో అమెరికాలోని గ్రేట్ బారింగ్టన్‌లో ఇంజనీరు విలియం స్టాన్లీ 500 వోల్టుల ఏసీ పంపి, ట్రాన్స్‌ఫార్మర్లతో 100కి దించాడు. ఇంతవరకు అర్థమైంది.

నా సందేహం: డీసీని కూడా ఎక్కువ వోల్టేజీతో పంపి, పేటలో ఆ వోల్టేజీతో మోటార్ తిప్పి, అది తక్కువ వోల్టేజీ ఇచ్చే డైనమోను తిప్పేలా జోడీ పెట్టి దించవచ్చు కదా? అక్కడ అసలు దెబ్బ కొట్టింది రెండు యంత్రాల్లో కలిసే నష్టమా, లేక కమ్యుటేటర్ దగ్గర నిప్పురవ్వలు, అరిగే బ్రష్‌లు, వాటిని కనిపెట్టుకుని ఉండే మనిషి జీతమా? ఆనాటి యంత్రాల సామర్థ్యం అంకెలతో ఎవరైనా వివరించగలరా?