“ముదురు పచ్చ” అంటే ఏ రంగు?

ప్రశ్న అడిగినవారు: మా మేనమామ గుంటూరులో చాలాకాలం దుకాణాల బోర్డులు రాసి, ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పక్కన పెట్టారు. మాటల్లో చెబితే బొమ్మ గీసే ఏఐని మా అమ్మాయి ఫోనులో చూసి, తాను పూర్వం రాసిన ఒక కిరాణా కొట్టు బోర్డును మళ్లీ చూడాలని ముచ్చటపడ్డారు. “ఎర్ర బోర్డు మీద ముదురు పచ్చ అక్షరాలు, పక్కన నీలం తలుపు” అని రాయిస్తే అక్షరాలు ఆకుపచ్చగా వచ్చాయి. ఆయన మనసులో ఉన్నది పసుపుపచ్చ. దానిని “ముదురు పసుపు” అని మార్పిస్తే ఈసారి చెరువు పాచిలాంటి రంగు వచ్చింది.

ఆయన ఆశ్చర్యపోలేదు. “పసుపులో నలుపు కలిపితే ఇలాగే అవుతుంది. పసుపు ముదరాలంటే నలుపు పోయకూడదు, జేగురు చుక్క వేయాలి” అన్నారు. ఆ చుక్కను మాటల్లో ఎలా వేయాలన్నదే చిక్కు. “మామిడిపండు రంగు” అని రాయిస్తే బోర్డు మూలన నిజంగానే ఒక మామిడిపండు వచ్చి కూర్చుంది. చివరకు “నారింజ వైపు మొగ్గిన పసుపు” అన్నాక రంగు కుదిరింది గానీ, తలుపు నీలం కొంత అక్షరాల అంచుల్లోకి పాకింది. అడుగున వేసిన నేల రంగు ఆరకముందే అక్షరం రాస్తే ఇలాగే పాకుతుందని చెప్పి, ముందు ఖాళీ ఎర్ర బోర్డునూ తలుపునూ మాత్రమే వేయించారు. తరువాత ఆ బొమ్మలో బోర్డు భాగాన్ని మాత్రమే గుర్తుపెట్టి, అక్షరాల సంగతి విడిగా రాయించారు. ఒక్కో విడతలో ఒక్క మాటే మార్చనిచ్చారు. లేతరంగు డబ్బాలో ముదురురంగును చుక్కచుక్కగా వేస్తూ, ప్రతిసారీ రేకు మీద పూసి చూసుకున్న చేయి ఆయనది.

నా సందేహం ఇది: “పచ్చ” రెండు రంగులకూ ఎలా చెల్లుతోంది?

తెలుగు ఉపాధ్యాయురాలు: పచ్చకామెర్లలోనూ పచ్చని పసిమిలోనూ ఉన్నది పసుపే, పచ్చని చేలలో ఉన్నది ఆకుపచ్చ. సందర్భమే తేడా చెప్పేది కనుక, అది చాలని చోట ముందు “ఆకు” అనో “పసుపు” అనో చేర్చుకున్నాం. “ముదురు”కు ఎదురుమాట “లేత”. బెండకాయకూ ఆకుకూ ఈ రెండు మాటలే వాడతాం. రంగు ఎంత చిక్కబడిందో “ముదురు” చెబుతుంది గానీ, ఎరుపు వైపు తిరిగిందా ఆకుపచ్చ వైపు తిరిగిందా అన్నది చెప్పదు. మీ మామగారి చిక్కు అక్కడే ఉంది.

ఒక సభ్యుడు: తెలుగులో రాయించడమే పొరపాటు. ఇంగ్లీషులో రాస్తే ఈ గొడవే ఉండదు.

బొమ్మల రూపకర్త: సగమే నిజం. “పచ్చ” చిక్కు పోతుంది గానీ, ఒక వస్తువు రంగు మరో వస్తువుకు పాకడం ఇంగ్లీషులోనూ జరుగుతుంది. పైగా “నలుపు వద్దు” అని రాస్తే, ఆ మాట వినబడింది కనుక నలుపు తరచు వచ్చేస్తుంది; వద్దన్నదాన్ని చెప్పకుండా, కావలసినదాన్ని చెప్పడమే మేలు. అయితే డబ్బాలో రంగు కలపడంతో ఈ పోలికకు నేను పూర్తిగా ఒప్పుకోను. పెయింటులో మూడు వంతులకు ఒక వంతు అంటే రేపూ అదే రంగు వస్తుంది. ఇక్కడ బొమ్మ ఏ మొదలు నుంచి పుట్టాలో నిర్ణయించే సీడ్ సంఖ్యను కదలకుండా ఉంచకపోతే, అవే మాటలకు మరోసారి మరో బొమ్మ వస్తుంది. “కొంచెం నారింజ” అన్నప్పుడు ఆ కొంచెం ఎంతో మన చేతిలో లేదు.

ఇంకొక సభ్యురాలు: మా గేటుకు పసుపు ఎనామెల్ వేయించాం, ఏడాదికే పొరలుపొరలుగా లేచిపోయింది. పెద్దాయన కారణం చెప్పగలరా?

ప్రశ్న అడిగినవారు: తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, అది ఆరాక రంగు వేశారా అని అడుగుతున్నారు. రూపకర్త గారి మాట కూడా ఆయనకు చదివి వినిపించాను. అదే కంపెనీ, అదే పేరు గల రెండు డబ్బాల్లో కూడా రంగు తేడాగా ఉండేదట. అందుకే పెద్ద బోర్డుకు కావలసినదంతా ఒకేసారి కలిపి పెట్టుకునేవారట. సీడ్ సంఖ్య కూడా అలా ఒకేసారి కలిపి పెట్టుకోవడమే కదా అన్నారు.

బొమ్మల రూపకర్త: అంత సులువు కాదు. సీడ్ అలాగే ఉంచి ఒక్క మాట మార్చినా బొమ్మలో చాలా భాగం కదిలిపోవచ్చు. కలిపి పెట్టిన రంగు అలా చేయదు. ఇంతకీ అక్షరాలు సరిగా పడ్డాయా?

ప్రశ్న అడిగినవారు: పడలేదు. ఒత్తులన్నీ చెదిరిపోయాయి. అక్షరాలు లేని బోర్డును అచ్చు తీయించమన్నారు, పేరు తానే కుంచెతో రాస్తారట.