అప్‌డేట్: పాత చాట్‌లు చదివాక మా కస్టమర్ ఎవరో తెలిసింది

అప్పుడు నేను అడిగింది: "వైజాగ్‌లో ఇంటి నుంచి పచ్చళ్లు, పొడులు అమ్ముతున్నాం. రీల్స్‌కి లైకులు వస్తున్నాయి, ఆర్డర్లు రావడం లేదు. ఎవరి కోసం పోస్ట్ చేయాలి?"

మీరు చెప్పినట్టే మూడు నెలల వాట్సాప్ చాట్‌లు కూర్చుని చదివాను. మొత్తం 48 మంది. పేర్లు, నంబర్లు లేకుండా ఒక్కొక్కరికి నోట్‌బుక్‌లో ఒక లైన్: ఎవరి కోసం కొంటున్నారు, మొదట ఏం అడిగారు, దేనికి వెనకాడారు. అడిగిన మాటల్ని వాళ్లు అన్నట్టే రాశాను.

మొదట మెసేజ్‌లు లెక్కపెట్టి పొరబడ్డాను. ఒకావిడ నూనె తక్కువ పచ్చడి గురించే 14 సార్లు అడిగారు, అందరికీ అదే కావాలేమో అనుకున్నాను. మనుషుల్ని లెక్కపెడితే అలా అడిగింది ఆవిడ ఒక్కరే.

48 మందిలో 29 మంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలకు పంపే అమ్మలు. గాజువాక, సీతమ్మధార వైపు వాళ్లే ఎక్కువ. రుచి గురించి దాదాపు ఎవరూ అడగలేదు. "దారిలో నూనె కారదు కదా అమ్మా?" ఇదే అందరి టెన్షన్. చాలామంది రాత్రి తొమ్మిది దాటాకే రాశారు.

అందుకే బీచ్ రోడ్డులో తీసే రీల్స్ ఆపేసి, సీసాకి సీల్ వేసి తలకిందులుగా పెట్టి చూపించే వీడియో చేశాం. రాత్రి ఎనిమిదిన్నరకు స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెడుతున్నాం. రెండు వారాల్లో లైకులు తగ్గాయి, కానీ 11 మంది కొత్తవాళ్లు ప్యాకింగ్ గురించి అడిగారు, ఏడుగురు కొన్నారు.

అసలు మెసేజే చేయనివాళ్ల సంగతి ఈ చాట్‌లలో ఉండదు. అడిగి కొననివాళ్లవి ఇప్పుడు విడిగా రాస్తున్నాను.